వేడి టీలో క్రియేటిన్ కలిపితే దాని బలం పోతుందా?

ప్రశ్న: నా వయసు 29, బరువు 70 కిలోలు. విజయవాడలో ఉద్యోగం చేస్తూ పొద్దున ఐదున్నరకు జిమ్‌కు వెళ్తాను. కండరాల బలం కోసం రెండు నెలలుగా రోజూ 5 గ్రాముల క్రియేటిన్ మోనోహైడ్రేట్ పొడి తీసుకుంటున్నాను. చల్లనీళ్లలో అది సరిగ్గా కరగక గ్లాసు అడుగున ఇసుకలా మిగిలిపోతుంటే, వేడి టీలో కలిపి తాగడం మొదలుపెట్టాను. వేడికి క్రియేటిన్ విషంగా మారుతుందని ఒక స్నేహితుడు, కాఫీ, టీలు తాగేవాళ్లకు అది అసలు పనిచేయదని మా ట్రైనర్ అంటున్నారు. పొద్దున ఒక ఫిల్టర్ కాఫీ, పగలు మూడు టీలు నాకు తప్పవు. కొన్ని రోజులు టీలో పొడి కలిపి ఫ్లాస్కులో పోసుకుని ఆఫీసుకు కూడా తీసుకెళ్తున్నాను. నేను ఏది మానాలి?

సమాధానం: కాఫీ మానవలసిన పనిలేదు, టీ మానవలసిన పనిలేదు, క్రియేటిన్ కూడా మానవలసిన పనిలేదు. మానవలసింది ఫ్లాస్కు ఒక్కటే. మీ స్నేహితుడి భయం, ట్రైనర్ గారి అభ్యంతరం ఒకటే విషయం గురించినవిగా పైకి కనిపిస్తాయి గానీ, నిజానికి అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వేడి సంగతి గ్లాసులో జరిగే రసాయన చర్యకు సంబంధించినది, కెఫీన్ సంగతి మీ కండరంలో జరిగేదానికి సంబంధించినది. అందుకే వాటిని విడివిడిగా చూద్దాం.

ముందు గ్లాసు సంగతి. క్రియేటిన్ మోనోహైడ్రేట్ స్వభావరీత్యా నీటిలో తేలిగ్గా కరిగే పదార్థం కాదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 14 గ్రాములు మాత్రమే కరుగుతుంది. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో మూడు గ్రాములకు కాస్త తక్కువే కరుగుతుంది, మిగిలిన రెండు గ్రాములు మీరు ఎంతసేపు కలిపినా అడుగునే ఉంటాయి. మీ గ్లాసులో కనిపించిన ఇసుక అదే. అది కల్తీకి గుర్తు కాదు, పొడి పాడైందనడానికి గుర్తూ కాదు. అదే నీరు 50 డిగ్రీల వేడి మీద ఉంటే లీటరుకు సుమారు 34 గ్రాములు కరుగుతుంది, కాబట్టి అదే గ్లాసులో మీ 5 గ్రాములు పూర్తిగా కరిగి, ఇంకా కొంచెం పొడికి చోటు మిగులుతుంది. తాగడానికి వీలైన వేడిలో ఉన్న టీ ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంటుంది గనుక, మీరు అనుభవంతో కనిపెట్టిన పద్ధతిలో తప్పేమీ లేదు. నిజానికి 1990లలో యూరప్‌లో జరిగిన తొలి క్రియేటిన్ ప్రయోగాలలో కొన్నింటిలో, పాల్గొన్నవారికి పొడిని గోరువెచ్చని టీలోనో కాఫీలోనో కరిగించే ఇచ్చారు. క్రియేటిన్ పనిచేస్తుందని ప్రపంచానికి మొదట తెలిసిన ప్రయోగాల సరసన అవీ ఉన్నాయని గుర్తుంచుకుంటే, వేడి పానీయం దాన్ని చంపేస్తుందన్న మాటకు ఎంత బలం ఉందో తెలుస్తుంది.

అయితే మీ స్నేహితుడి మాట పూర్తిగా గాలిలోంచి పుట్టినదీ కాదు. నీటిలో కరిగిన క్రియేటిన్ మెల్లమెల్లగా ఒక నీటి అణువును కోల్పోయి, క్రియేటినిన్ అనే మరొక పదార్థంగా మారుతుంది. ఇది విషం కాదు. మన ఒంట్లో ఉన్న క్రియేటిన్ నిల్వలో కొంత భాగం ప్రతిరోజూ ఇలాగే దానంతటదే క్రియేటినిన్‌గా మారుతుంది, మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. మీ బరువున్న మనిషి ఒంట్లో రోజుకు రెండు గ్రాముల వరకు ఇలా తయారై బయటికి పోవడం సాధారణం. కనుక గ్లాసులో మారిన కాస్త క్రియేటినిన్ వల్ల మీకు హాని లేదు, ఉన్న నష్టమల్లా కొన్న పొడిలో ఆ మేరకు ఉపయోగం పోవడమే.

ఎంత పోతుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: పానీయం ఎంత పుల్లగా ఉంది, ఎంత వేడిగా ఉంది, ఎంతసేపు నిలవ ఉంది. మామూలు గది వేడిమిలో మూడు రోజులు నిలవ ఉంచిన ద్రావణాలను కొలిచినప్పుడు, కొద్దిపాటి ఆమ్లత్వం ఉన్నచోట, అంటే పీహెచ్ 5.5 దగ్గర, సుమారు నాలుగు శాతం క్రియేటిన్ మాత్రమే మారింది. పీహెచ్ 4.5 దగ్గర అది పన్నెండు శాతానికి, 3.5 దగ్గర ఇరవై ఒక్క శాతానికి చేరింది. అంటే పులుపు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. పాలు పోసిన మన టీకి దాదాపు పులుపే ఉండదు. పాలు లేని కాఫీలో కొంచెం ఉంటుంది. నిమ్మకాయ పిండిన టీ మాత్రం బాగా పులుపు వైపుకు వెళ్తుంది. వేడి తోడైతే ఈ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ పైన చెప్పినవి మూడు రోజుల లెక్కలు. మీరు టీ తాగేది పది నిమిషాల్లో. వేడి వల్ల మార్పు ఎన్నో రెట్లు వేగం పుంజుకున్నా, పది నిమిషాల్లో పోయేది లెక్కలోకి వచ్చేంత ఉండదు. కడుపులోకి వెళ్లాక అక్కడి ఆమ్లం దాన్ని నాశనం చేస్తుందేమోనన్న అనుమానం కూడా కొందరికి ఉంటుంది. జఠరరసం అంతటి బలమైన ఆమ్లంలో ఈ మార్పు మళ్లీ నెమ్మదిస్తుంది, పైగా క్రియేటిన్ అక్కడ ఎక్కువసేపు ఉండదు, కాబట్టి మింగినదంతా దాదాపుగా రక్తంలోకి చేరుతుంది.

ఇప్పుడు ఫ్లాస్కు ఎందుకు వద్దంటున్నానో మీకు అర్థమై ఉంటుంది. ఫ్లాస్కు చేసే పనే పానీయాన్ని గంటల తరబడి వేడిగా ఉంచడం. కరిగి ఉండటం, వేడిగా ఉండటం, ఎక్కువసేపు ఉండటం అనే మూడూ అక్కడ ఒకేచోట కలుస్తాయి. పొద్దున ఏడింటికి కలిపినది మధ్యాహ్నం ఒంటిగంటకు తాగితే పొడి మొత్తం వృథా అవుతుందని నేను అనడం లేదు, కానీ కారణం లేకుండా కొంత పోగొట్టుకోవడం ఎందుకు? ఆఫీసుకు తీసుకెళ్లవలసి వస్తే పొడిని తడి లేని చిన్న డబ్బాలో తీసుకెళ్లి, తాగే వేళకు కప్పులో కలుపుకోండి. పొడిగా ఉన్నంతకాలం క్రియేటిన్ చాలా గట్టి పదార్థం, మన ఎండాకాలపు 40 డిగ్రీల వేడి కూడా దాన్ని ఏమీ చేయలేదు. దానికి పడనిది తేమ. తడి చెంచా డబ్బాలో పెట్టకుండా, మూత బిగించి ఉంచితే చాలు. ఇంట్లో కూడా టీ మరుగుతున్న గిన్నెలో పొడి వేయవద్దు, కప్పులో పోసుకున్నాక, పెదవికి తగిలే వేడికి వచ్చాక వేసి కలపండి. గిన్నెలో వేస్తే వేడి సంగతి అలా ఉంచి, గిన్నెకూ వడపోతకూ ఎంత అంటుకుందో, పక్కవాళ్ల కప్పులోకి ఎంత పోయిందో తెలియక కొలత తప్పుతుంది.

చల్లారిన టీలో అడుగున మళ్లీ సన్నని పలుకులు కనిపిస్తే కంగారు పడకండి. వేడిలో కరిగినది చల్లబడ్డాక తిరిగి బయటపడటం అది. ఫ్రిజ్‌లో పెట్టిన కోల్డ్ కాఫీలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే 4 డిగ్రీల దగ్గర 200 మిల్లీలీటర్లలో కరిగేది సుమారు ఒకటింబావు గ్రాము మాత్రమే. ఆ పలుకులు క్రియేటినే గనుక పారబోయకుండా, గ్లాసులో కాసిని నీళ్లు పోసి తిప్పి తాగేయండి. కరగకుండా మింగిన పొడి కూడా కడుపులోని ద్రవంతో కలిసి ఒంటికి పడుతుంది.

ఇక రెండో ప్రశ్న. మీ ట్రైనర్ గారు చెప్పిన మాటకు ఒక కచ్చితమైన మూలం ఉంది. 1996లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. తొమ్మిది మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఒక విడత ఉత్తుత్తి పొడి, ఒక విడత క్రియేటిన్, మరొక విడత క్రియేటిన్‌తో పాటు కెఫీన్ ఇచ్చి, మోకాలి కండరాల బలాన్ని కొలిచారు. క్రియేటిన్ ఒక్కటే తీసుకున్నప్పుడు బలం 10 నుంచి 23 శాతం వరకు పెరిగింది. కెఫీన్ కలిసినప్పుడు ఆ పెరుగుదల కనిపించలేదు. కెఫీన్ క్రియేటిన్‌ను రద్దు చేస్తుందన్న మాట అక్కడినుంచే బయల్దేరి, ఇన్నేళ్లుగా జిమ్ నుంచి జిమ్‌కు ప్రయాణిస్తూ వచ్చింది.

ఆ ప్రయోగంలో ఎవరూ అంతగా చెప్పని భాగమే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. పరిశోధకులు బలాన్ని మాత్రమే కాక, కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ నిల్వ ఎంత ఉందో కూడా కొలిచారు. మనం క్రియేటిన్ తినేది ఈ నిల్వ పెంచుకోవడానికే, ఎందుకంటే బరువు ఎత్తే ఆ కొద్ది సెకన్లలో కండరానికి శక్తిని తిరిగి అందించేది ఇదే. ఆ నిల్వ క్రియేటిన్ ఒక్కటే తీసుకున్నప్పుడు ఎంత పెరిగిందో, కెఫీన్‌తో కలిపి తీసుకున్నప్పుడూ దాదాపు అంతే, అంటే నాలుగు నుంచి ఆరు శాతం దాకా పెరిగింది. కెఫీన్ వల్ల క్రియేటిన్ ఒంటికి పట్టకుండా పోలేదు, కండరంలోకి వెళ్లకుండా ఆగలేదు. కనుక కాఫీ తాగేవాడికి క్రియేటిన్ వృథా అన్న మాటను, ఆ మాటకు మూలమైన ప్రయోగమే బలపరచడం లేదు.

మరి బలం ఎందుకు పెరగలేదు? అదే పరిశోధక బృందం 2002లో మరొక ప్రయోగంతో దీనికి ఒక వివరణ ఇచ్చింది. కండరం బిగుసుకున్నాక తిరిగి వదులు కావడానికి కొంత సమయం పడుతుంది. క్రియేటిన్ ఆ సమయాన్ని తగ్గించింది, మూడు రోజులు వరుసగా తీసుకున్న కెఫీన్ దాన్ని పెంచింది, రెండూ కలిపి ఇచ్చినప్పుడు క్రియేటిన్ తెచ్చిన తగ్గుదల కనిపించలేదు. కండరం బిగుసుకోవడానికి కాల్షియం విడుదల కావాలి, వదులు కావడానికి అది తిరిగి లోపలికి వెళ్లాలి. కెఫీన్ కాల్షియం విడుదల వైపు మొగ్గు చూపే పదార్థం కావడం వల్ల ఇలా జరిగి ఉండవచ్చునని వివరణ. వెంటవెంటనే బిగించి వదిలే వ్యాయామంలో దీనికి కొంత అర్థం ఉంది. కానీ ఇది క్రియేటిన్‌ను నాశనం చేయడం కాదు, ఒక కొలతలో రెండు పదార్థాలు ఎదురెదురు దిక్కుల్లో లాగడం.

ఆ కొలతలను మీ దినచర్య పక్కన పెట్టి చూద్దాం. 1996 ప్రయోగంలో కెఫీన్ మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే మీ బరువుకు రోజుకు 350 మిల్లీగ్రాములు. అందులో క్రియేటిన్ మోతాదు కిలోకు అర గ్రాము, అంటే మీ లెక్కన రోజుకు 35 గ్రాములు, మీరు తీసుకునేదానికి ఏడు రెట్లు. క్రియేటిన్ ఇచ్చినది ఆరు రోజులు, కెఫీన్ మూడు రోజులు. మీ ఫిల్టర్ కాఫీలో డికాక్షన్ చిక్కదనాన్ని బట్టి సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాముల కెఫీన్, ఒక్కో చిన్న కప్పు టీలో 30 నుంచి 50 దాకా ఉంటుందనుకుంటే, మీకు రోజంతటికీ అందేది సుమారు 170 నుంచి 250 మిల్లీగ్రాములు, అదీ పొద్దున నుంచి సాయంత్రం దాకా విడతలుగా. పైగా ఆ ప్రయోగంలో కెఫీన్ ఒక్కటే ఇచ్చిన విడత లేదు. కాబట్టి తగ్గిన బలానికి రెండింటి కలయిక కారణమా, లేక కెఫీన్ తనంతట తాను ఆ కొలత మీద చూపిన ప్రభావమా అన్నది తేల్చడం కష్టం. తొమ్మిది మంది మీద, ఒకే కండరం మీద, ఆరు రోజుల్లో వచ్చిన ఫలితాన్ని ఏళ్ల తరబడి సాగే వ్యాయామానికి నియమంగా పెట్టుకోవడం నాకు సబబుగా అనిపించదు.

ఆ తరువాత వచ్చిన ప్రయోగాలు కూడా ఆ నియమాన్ని గట్టిపరచలేదు. ముందు కొన్ని రోజులు క్రియేటిన్ తీసుకుని, పరీక్షకు గంట ముందు మాత్రం కెఫీన్ తీసుకున్న పురుషులు అలసిపోయేదాకా ఎక్కువసేపు పరుగెత్తగలిగారని 2002లో మరొక బృందం చూపింది. ఇది కెఫీన్ చేసే మేలు క్రియేటిన్ ఉన్నా నిలిచిందని చెబుతుంది గానీ, క్రియేటిన్ చేసే మేలు నిలిచిందో లేదో నేరుగా చెప్పదు. 2016లో అమెరికాలో 54 మందితో జరిగిన మరో ప్రయోగం మీ ప్రశ్నకు ఇంకా దగ్గరది, ఎందుకంటే అందులో ఒక గుంపుకు క్రియేటిన్‌తో పాటు నిజమైన కాఫీనే ఇచ్చారు, మరొక గుంపుకు అంతే మోతాదు కెఫీన్ పొడి ఇచ్చారు. ఐదు రోజుల తరువాత బలంలోనూ పరుగులోనూ గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే క్రియేటిన్ ఒక్కటే తీసుకున్న గుంపులో కూడా స్పష్టమైన లాభం కనిపించలేదు కాబట్టి, రద్దు కావడానికి అక్కడ ఏమీ లేదని కూడా అనవచ్చు. అందువల్ల దీన్ని కాఫీకి పూర్తి నిర్దోషిత్వ పత్రంగా నేను చూపించను. ఉన్న ఆధారాలన్నీ కలిపి చూస్తే, మామూలుగా తాగే టీ, కాఫీలు క్రియేటిన్ నిల్వను తగ్గిస్తాయని చూపే రుజువు లేదు. ఒకేసారి తీసుకునే పెద్ద కెఫీన్ మోతాదు, వరుసగా కొన్ని రోజులు, నిల్వ త్వరగా నింపడానికి క్రియేటిన్‌ను ఎక్కువ మోతాదులో తీసుకునే లోడింగ్ సాగుతుండగా తీసుకుంటే కొన్ని రకాల వ్యాయామాల్లో లాభం కొంత మరుగున పడవచ్చు. అంతవరకే చెప్పడానికి వీలుంది.

కెఫీన్ ఒంట్లోని నీటిని లాగేస్తుంది, క్రియేటిన్‌కు నీరు కావాలి, కాబట్టి రెండూ పడవు అని చెప్పేవారూ ఉన్నారు. రోజూ కాఫీ, టీలు తాగేవారికి వాటివల్ల మూత్రం పెరగడం చాలా స్వల్పం, తాగిన కప్పులోని నీరే దాన్ని పూడ్చేస్తుంది. క్రియేటిన్‌తో వచ్చే నీరు కండర కణాల లోపల చేరేది. ఈ వాదన మీద నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మీ విషయంలో ఇంకొక మాట ఉంది. క్రియేటిన్ తాగిన గంటలో పనిచేసే పదార్థం కాదు. కండరాల్లో నిల్వ నెమ్మదిగా నిండుతుంది, నిండాక రోజూ పోయినంత మళ్లీ చేరితే చాలు. రోజుకు 3 గ్రాముల చొప్పున సుమారు నాలుగు వారాలు తీసుకున్నా, లోడింగ్ పేరుతో ఐదారు రోజులు రోజుకు 20 గ్రాములు తీసుకున్నా, చివరికి నిల్వ చేరే స్థాయి ఒకటేనని 1996లోనే తేలింది. రెండు నెలలుగా 5 గ్రాములు తీసుకుంటున్న మీకు ఆ నిల్వ ఎప్పుడో నిండి ఉంటుంది. ఇక ఏ కప్పులో కలిపారు, జిమ్‌కు ముందా తరువాతా అన్నది పెద్దగా తేడా తెచ్చే విషయం కాదు. అయినా జాగ్రత్త కోసం రెండింటినీ కాస్త ఎడంగా ఉంచాలని మీకు అనిపిస్తే, పొద్దున వ్యాయామానికి ముందు కాఫీ మాత్రమే తాగి, క్రియేటిన్‌ను మధ్యాహ్న భోజనం తరువాత గోరువెచ్చని నీళ్లలోనో మజ్జిగలోనో తీసుకోండి. మజ్జిగ పుల్లనిది కదా అని సందేహించకండి, కలిపిన వెంటనే తాగితే పులుపు చేసేదేమీ ఉండదు. భోజనంతో తీసుకుంటే పొట్టకు కూడా సుఖంగా ఉంటుంది.

పొట్ట సంగతి వచ్చింది గనుక చెబుతాను: రెండూ కలిపి తాగేవారికి నిజంగా ఎదురయ్యే ఇబ్బంది చాలావరకు ఇదే. ఖాళీ కడుపుతో ఘాటైన కాఫీలో 5 గ్రాముల పొడి కలిపి తాగి, వెంటనే జిమ్‌కు పరుగెత్తితే కొందరికి కడుపులో తిప్పడం, విరేచనం వచ్చినట్టు ఉండటం జరుగుతుంది. పైన చెప్పిన 2016 ప్రయోగంలో కూడా కొందరు కడుపులో స్వల్ప అసౌకర్యం ఉందని చెప్పారు. అలా అనిపిస్తే మోతాదును 3 గ్రాములకు తగ్గించండి, లేదా సగం పొద్దున, సగం రాత్రి భోజనంతో తీసుకోండి. ప్రీ వర్కౌట్ పొడులు వాడేవారు మాత్రం డబ్బా వెనక చూడాలి. ఒక్క స్కూపులోనే 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండేవి ఉన్నాయి. దానికి మీ కాఫీ, మూడు టీలు తోడైతే, ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు అన్న సాధారణ పరిమితి సులభంగా దాటిపోతుంది. సాయంత్రం ఆలస్యంగా తాగే టీ నిద్రను తగ్గిస్తే, కండరానికి జరిగే నష్టం మీరు భయపడే రద్దు కన్నా చాలా పెద్దది.

ఒకవేళ ఇన్నాళ్లు తీసుకున్నా ఫలితం కనిపించలేదని అనిపిస్తే, ఆ నేరాన్ని వెంటనే టీ మీద వేయకండి. మొదటి వారాల్లో ఒంటి బరువు కిలో, కిలోన్నర పెరగడం, ఒకే బరువుతో చివరి సెట్లలో ఒకటి రెండు రెప్స్ ఎక్కువ రావడం, ఇవీ చూడవలసిన గుర్తులు. రోజూ చేప, మాంసం బాగా తినేవారి కండరాల్లో నిల్వ ముందే ఎక్కువగా ఉంటుంది కాబట్టి వారికి ఈ తేడా తక్కువగా కనిపిస్తుంది, శాకాహారులకు ఎక్కువగా కనిపిస్తుంది. మీ నోటుపుస్తకంలో మొదలుపెట్టక ముందటి బరువులు, రెప్స్ రాసి ఉంటే వాటితో పోల్చి చూడండి. రాయకపోతే ఇప్పటినుంచి రాయండి. ట్రైనర్ గారి మాట పరీక్షించాలనిపిస్తే, కాఫీ, టీల మోతాదు మార్చకుండా నెల రోజుల అంకెలు రాసుకుని, తరువాత నెల సగానికి తగ్గించి చూడండి. కాఫీని ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజుల్లో తలనొప్పి, నీరసం వచ్చి అంకెలు పడిపోతాయి, దాన్ని క్రియేటిన్ ఫలితంగా పొరబడవచ్చు. అందుకే మెల్లగా తగ్గించమంటున్నాను.

మీరు ఏదైనా కారణంతో రక్తపరీక్ష చేయించుకునే ముందు, క్రియేటిన్ వాడుతున్నానని డాక్టర్ గారికి తప్పక చెప్పండి. క్రియేటిన్ తీసుకునేవారి రక్తంలో క్రియేటినిన్ మామూలు కన్నా కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. సాధారణంగా ఆ అంకెను చూసే మూత్రపిండాల పనితీరును అంచనా వేస్తారు గనుక, విషయం తెలియకపోతే ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలను కూడా అనుమానించే అవకాశం ఉంది. సందేహం వచ్చినప్పుడు సిస్టాటిన్ సి అనే మరొక పరీక్ష ఉంది, దాని ఫలితం క్రియేటిన్ వాడకంతో మారదు. ఇప్పటికే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తపోటు, మధుమేహం అదుపులో లేనివారు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారు టీలో కలపాలా నీళ్లలో కలపాలా అన్న ప్రశ్నకు ముందే, అసలు క్రియేటిన్ మొదలుపెట్టవచ్చా అని డాక్టర్‌ను అడిగి, ఒకసారి రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి.